ఆజిచ్ అంటే ఎవరి ఆజ్?

టోలీచౌకిలో పూల దుకాణం నడిపే ఒక ఆపా నాతో ముప్ఫై సెకన్ల వీడియోకి మాటలు రాయించుకుంది. పండగలకీ, పెళ్లిరోజులకీ బొకేలు, ఆర్డర్ ఇచ్చిన రోజే ఇంటికి. ఇదీ వ్యాపారం. పేపర్లో ఇరవై ఏళ్లుగా రాస్తున్నవాణ్ణి, ముప్ఫై సెకన్లు ఎంతసేపు అనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో పూల గురించి రాసింది తక్కువ, 'ఈ రోజే' అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది ఎక్కువ.

ఆ దుకాణం మొదట్లో బొకేల దుకాణం కాదు. ఆపా శోహర్ గుల్‌ఫరోష్. సెహ్రాలు కట్టేవాడు, దర్గాలకి పూల చాదర్లు అల్లేవాడు, జనాజాలకి కూడా. ఆయన పోయాక ఆపా దుకాణం మూయలేదు. సెహ్రా ఇప్పుడు సీజన్‌లోనే. మిగతా రోజులు గడవాలంటే బొకేలే దిక్కు అని కొడుకు నచ్చజెప్పాడు. ఇద్దరు పనివాళ్లు, రెండు బైకులు, ఒక వాట్సాప్ నంబర్. అంతే వాళ్ల సామ్రాజ్యం.

పోయిన రంజాన్ ఈద్‌కి యాభై రెండు ఆర్డర్లు వచ్చాయి. అన్నీ తీసుకున్నారు. ముప్ఫై ఆరు బైకుల మీద వెళ్లాయి, రెండు కొడుకు ఆటోలో తీసుకెళ్లి ఇచ్చాడు. పద్నాలుగు మర్నాడు చేరాయి. బాసీ ఈద్ నాడు వచ్చిన బొకే చూసి ఒకావిడ ఫోన్లో అడిగిందట, "ఇది తోఫానా, మాఫీనామానా?" అని. పద్నాలుగు మందికీ పైసలు వాపస్ ఇచ్చింది ఆపా. పైసల కంటే ఆ ఇళ్లవాళ్లు మళ్లీ రాకపోవడం ఆమెకి బాధ. మొహల్లాలో దుకాణం అంటే ఇజ్జత్ మీదే నడుస్తుంది కదా.

కాబట్టి నేను మొదట అడిగింది ఏ పూలు చూపించాలని కాదు. "ఆపా, ఒక రోజులో ఎన్ని ఇవ్వగలవు?" అని. ఆమెకి ఆ లెక్క తెలియదు. కూర్చుని హిసాబ్ వేశాం.

ఒక బొకే కట్టడానికి పావుగంట. కాడల కింది ఆకులు దులపాలి, కాడని ఏటవాలుగా కోయాలి, మెలిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టాలి, కింద తడి దూది చుట్టి దాని మీద ప్లాస్టిక్ కవర్, ఆ పైన కాగితం, రిబ్బన్. ఇద్దరు మనుషులు కలిస్తే గంటకి ఎనిమిది. అంటే చేతుల దగ్గర ఇబ్బంది లేదు. ఇబ్బంది రోడ్డు మీద ఉంది. ఒక బైకు మీద నలగకుండా పట్టేది మూడు బొకేలు. మూడు ఇళ్లు తిరిగి రావడానికి గంటన్నర. ఈద్ పొద్దున నమాజ్ వేళకి మీరాలం ఈద్‌గాహ్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు, బైకులు నడిపే పిల్లలు కూడా నమాజ్‌కి వెళ్లాలి, షీర్ ఖుర్మా తాగాలి. పదకొండుకి ముందు బండి కదలదు. పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తొమ్మిది గంటలు, ఒక్కో బైకుకి ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకి మూడు. రెండు బైకులకీ కలిపి ముప్ఫై ఆరు. పోయిన ఈద్‌కి సరిగ్గా అన్నే ఎందుకు చేరాయో అప్పుడు ఆపాకి అర్థమైంది. కాగితం మీద ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు.

చివరి గంట కోసం కూడా ఇలాగే లెక్క వేశాం. ఆర్డర్ ఎప్పటిదాకా తీసుకోవాలి? కొడుకు సాయంత్రం ఐదు అన్నాడు, పోటీ దుకాణాలు అలాగే పెడుతున్నాయని. ఐదింటి ట్రిప్పు వెళ్లిపోయాక మిగిలేది ఆరున్నర ట్రిప్పు ఒక్కటే. రెండు బైకులకీ కలిపి ఆరు చోట్లు. మధ్యాహ్నం మూడు అయితే మూడున్నర, ఐదు, ఆరున్నర, మొత్తం పద్దెనిమిది చోట్లు చేతిలో ఉంటాయి. ఒక తలుపు తెరవకపోయినా, ఒక టైరు పంక్చరైనా సర్దుకోవచ్చు. మూడు అని ఖాయం చేశాం. ప్రకటనలో 'సేమ్ డే డెలివరీ' అని పెద్ద అక్షరాలతో రాసి గంట చెప్పని దుకాణాలు నేను చాలా చూశాను. కొనేవాడు రాత్రి ఏడుకి మెసేజ్ పెట్టి 'ఈ రోజే అన్నారుగా' అంటాడు. అతని తప్పేముంది?

ఇక జబాన్ సంగతి. ఆపాకి 'గుల్‌దస్తా' కావాలి. కొడుక్కి 'బొకే' కావాలి. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కనుక నా దగ్గర 'పుష్పగుచ్ఛం' కూడా ఉంది. పుష్పగుచ్ఛం అన్నది మంత్రిగారికి అందజేసేది. దాన్ని ఎవరూ బేగంకి పంపరు. పక్కన పెట్టేశాం. దుకాణం ముందు పది నిమిషాలు నిలబడి విన్నాను. వచ్చినవాళ్లలో 'గుల్‌దస్తా' అన్నవాళ్లు లేరు, ముసలాయన కూడా 'ఏక్ బొకే దేదో' అన్నాడు. కానీ ఆపా చెప్పిందీ నిజమే. గుల్‌దస్తా అంటే చెవికి ఇంట్లో మనిషి పిలిచినట్టుంటుంది. చివరికి తెర మీద కనిపించే అక్షరాల్లో 'బొకే', గొంతులో 'గుల్‌దస్తా' అనుకున్నాం. వెతికేవాడు కంటితో వెతుకుతాడు, కరిగేవాడు చెవితో కరుగుతాడు.

'ఈ రోజే' అన్న మాట మాత్రం ఎవరికీ తడుముకోవాల్సిన పని లేకుండా దొరికింది. మన దక్కనీలో 'ఆజిచ్' అంటాం. తెలుగులో 'ఈ రోజే' చివర 'ఏ' చేసే పని, దక్కనీలో 'ఇచ్' చేస్తుంది. లక్నోవాళ్లు నవ్వుకుంటారు ఆ 'ఇచ్' విని, నవ్వుకోనీ. బిర్యానీ పొట్లం మీద పేరు రాయించినా, దర్జీకి షేర్వానీ ఇచ్చినా 'ఆజిచ్ హోనా' అంటే ఇక బేరం లేదని అర్థం. వీడియో మొదటి మూడు సెకన్లలో తెర నిండా ఆ ఒక్క మాటే పెట్టాలనుకున్నాం. తెలుగు లిపిలో. ఉర్దూ లిపిలో పెడదామని ఆపాకి ఆశ. నాకూ ఉండేది, చిన్నప్పుడు పలక మీద దిద్దిన లిపి కదా. కానీ నస్తాలీఖ్ అక్షరం ఏటవాలుగా పై నుంచి కిందికి దిగుతుంది, దానికి ఎత్తు కావాలి. ఫోన్ తెర మీద చిన్న అక్షరాల్లో పెడితే నుక్తాలు కలిసిపోయి చుక్కల చీమలబారు అయిపోతుంది. ఒక్క పెద్ద మాటకైతే సరే, కింద వచ్చే వివరాలకి కుదరదు. తెలుగుతోనూ ఒక చిక్కు ఉంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడతాయి. 'చేరుస్తాం' అన్న మాటలో 'త' ఒత్తు ఊడిపోయి కనిపించిందంటే ఆ యాప్ మార్చుకోవాల్సిందే. వీడియో పూర్తయ్యాక ఇంకొకరి ఫోన్లో కూడా ఒకసారి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. 'ఆజిచ్' సరే, ఎవరి ఆజ్?

ఆపా వాట్సాప్‌లో పాత ఆర్డర్లు చూస్తే సగానికి పైగా బయటి నంబర్లు. 966, 971, 965. కొడుకు జెద్దాలో, తల్లి మెహదీపట్నంలో. శోహర్ దుబాయ్‌లో, బేగం టోలీచౌకిలో. వాళ్లకి బొకే అంటే షౌక్ కాదు, రాలేకపోయినందుకు పంపే జవాబు. ఇలాంటి మనిషి గడియారం మన గడియారం కాదు. సౌదీ, కువైట్, ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. వీడియోలో 'మధ్యాహ్నం 3 లోపు' అని మాత్రం చెప్తే, జెద్దాలో ఉన్నవాడు జొహర్ నమాజ్ చదువుకుని, అన్నం తిని, తీరిగ్గా అక్కడి రెండింటికి మెసేజ్ పెడతాడు. అప్పుడు ఇక్కడ నాలుగున్నర. అతని లెక్కలో ఇంకా గంట మిగిలే ఉంది. ఇక్కడ దుకాణంలో గంటన్నర క్రితమే పుస్తకం మూసేశారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, జగడం మాత్రం ఖాయం. అందుకే ఇక్కడి మూడు అంటే జెద్దాలో పన్నెండున్నర, దుబాయ్‌లో ఒకటిన్నర అని వీడియోలోనే చెప్పాలనుకున్నాం. ముప్ఫై సెకన్లలో మూడు సెకన్లు దానికే పోయినా సరే.

మొదట ఆపా కోరిక ఏమిటంటే ఒకే వీడియోలో అన్నీ రావాలి. "ఈద్ భీ, సాల్‌గిరా భీ, దివాలీ భీ, సబ్ ఏకిచ్ మే ఆజానా మియా," అంది. ఒక్కో వీడియోకి షూటింగ్ అంటే ఒక పూట దుకాణం పని ఆగిపోతుంది, ఆమె బాధ ఆమెది. కానీ సాల్‌గిరా వేరు, ఈద్ వేరు. సాల్‌గిరా ఒక్క ఇంటి తారీఖు. ఏడాది పొడుగునా రోజుకి మూడో నాలుగో వస్తాయి, ఎప్పుడు చూసినా ఆ వీడియో పనికొస్తుంది. ఈద్ అందరిదీ ఒకేసారి వస్తుంది, ముప్ఫై ఆరు దగ్గర గోడ ఉంది. ఒకదాన్ని ఏడాదంతా తిప్పాలి, ఇంకోదాన్ని ఆపడం కూడా తెలియాలి. రెండూ ఒక పూటే తీద్దాం, చేతులూ పూలూ అవే, గొంతు మాత్రం వేరు అంటే ఒప్పుకుంది. దివాలీకి ఆమె దగ్గర అడిగేది బంతిపూలు, అవి కిలోల లెక్క, ఆ వీడియో ఇంకెప్పుడైనా.

సాల్‌గిరా వీడియోకి రాసింది ఇది. గొంతు కొడుకుది.

మొదటి మూడు సెకన్లు. కత్తెర గులాబీ కాడని ఏటవాలుగా కోస్తుంది, తెర మీద 'ఆజిచ్'. గొంతు: "ఈ రోజు మీ షాదీ సాల్‌గిరా. మీరేమో జెద్దాలో."

పదో సెకను దాకా. ఆపా చేతులు బొకే కడుతుంటాయి, తెర మీద 'బొకే, అదే రోజు ఇంటికి'. గొంతు: "బేగం టోలీచౌకిలో. ఫోన్‌లో ముబారక్ చెప్పారు. గుల్‌దస్తా మేం చేరుస్తాం."

పద్దెనిమిదో సెకను దాకా. గోడ గడియారం, పక్కనే ఫోన్లో వచ్చిన మెసేజ్. తెర మీద 'ఇండియా 3:00, సౌదీ 12:30, దుబాయ్ 1:30'. గొంతు: "ఇండియా టైమ్ మధ్యాహ్నం మూడు లోపు వాట్సాప్ చేయండి. అంటే జెద్దాలో పన్నెండున్నర. రాత్రి ఎనిమిదిలోపు ఇంటి తలుపు దగ్గర ఉంటుంది."

ఇరవై ఐదో సెకను దాకా. బైకు, గల్లీ, తలుపు, పెద్ద అక్షరాల కార్డు. గొంతు: "మెహదీపట్నం నుంచి షేక్‌పేట్ వరకు మా బండ్లే వస్తాయి. కార్డు మీద మీ పేరుంటుంది."

చివరి ఐదు సెకన్లు. బొకే ఒక్కటే, నంబర్. గొంతు: "ఆర్డర్లు నిండితే ముందే చెప్పేస్తాం. పైసలు తీసుకోం."

మొత్తం నలభై ఎనిమిది మాటలు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొడుకుతో చదివిస్తే ఇరవై ఎనిమిది సెకన్లు. మొదటి చిత్తులో డెబ్బై పైగా ఉండేవి. అతను ఊపిరాడక చదివాడు, క్రికెట్ కామెంటరీలా వినిపించింది. తెలుగు మాట పొడుగు. 'పన్నెండున్నర', 'మెహదీపట్నం' ఒక్కోటి ఒక్క మాటే, పలకడానికి మాత్రం మూడు మాటలంత. అందుకని దుబాయ్ టైము గొంతులోంచి తీసి తెర మీదికి మార్చాం. 'తాజా పూలు', 'ప్రేమతో', 'మీ నమ్మకమే మా బలం' ఇవన్నీ అక్కడే పోయాయి. పూలు తాజావని చెప్పడం దేనికి? కాడ కోసినప్పుడు నీళ్లు చిమ్ముతాయి, అది కనిపిస్తుంది.

కార్డు మీద మీ పేరుంటుంది అన్న వాక్యం వ్యాపారం తెలిసినవాళ్లకి వింతగా ఉండొచ్చు. బొకే అంటే సర్‌ప్రైజ్ కదా, పేరు చెప్పేస్తే ఎలా అని ఒక దోస్త్ అన్నాడు. అతను మన గల్లీల్లో ఉండడు. శోహర్ పరదేశంలో ఉన్న ఇంటి తలుపు ముందు ఎవరో కుర్రాడు ఎర్ర గులాబీలు పట్టుకుని నిలబడితే, ఎదురింటి బాల్కనీలో ఏమనుకుంటారు? ఆ ఇంట్లో సాస్ ఉంటుంది, దేవర్ ఉంటాడు. ఈ సంగతి ఆపాయే చెప్పింది, ఒకసారి అలాంటి రంజు అయిందట ఒక ఇంట్లో. అప్పటి నుంచి ఆమె కార్డుని లోపల దాచదు. బొకే ముందు భాగంలో, మూడు అడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా, ఎవరు ఎవరికి పంపారో రాయిస్తుంది. బైకు కుర్రాడు బెల్ కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడి మొదట పంపినవాళ్ల పేరు చెప్తాడు. ఇదంతా ముప్ఫై సెకన్లలో చెప్పలేం. కానీ కార్డుని ఒకటిన్నర సెకన్లు దగ్గరగా చూపిస్తే జెద్దాలో కూర్చున్న శోహర్‌కి చెప్పకుండానే అర్థమవుతుంది.

పంపేవాళ్లు ఇచ్చే నంబర్‌తో కూడా ఇలాంటి ఇబ్బందే. మన ఇళ్లల్లో ఆడవాళ్లు కొత్త నంబర్ ఎత్తరు. పోయినసారి ఆలస్యాల్లో కొన్ని దానివల్లే, కుర్రాడు గల్లీ చివర ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ఇంట్లో ఇంకో మనిషి నంబర్, దగ్గరున్న మసీదో కిరాణా దుకాణమో ఆనవాలు అడగాలి. ఇవి వీడియోలో పెట్టలేదు. ఆర్డర్ మెసేజ్ రాగానే దుకాణం నుంచి వెళ్లే మొదటి జవాబులో పెట్టాం.

షూటింగ్ పొద్దున ఎనిమిదికి, షట్టర్ సగం ఎత్తి, పక్క నుంచి వెలుతురు పడేలా. ఫోన్ నిలువుగా. ఆపాకి ముఖం కనిపించకూడదు, కొనేవాళ్ల ముఖాలు అసలే వద్దు. చేతులు చాలు. ఆమె చేతులు చూస్తే ముప్ఫై ఏళ్లుగా సెహ్రా కట్టిన చేతులని తెలుస్తుంది, వేళ్ల చివర్లు దారం కోసిన గీతలు. మొదటి షాట్ తీశాక చూస్తే వెనక గోడకి గులాబీల చాదర్ వేలాడుతోంది. దర్గాకో జనాజాకో వెళ్లాల్సింది. మనవాళ్లకి ఆ చాదర్ ఎందుకో ఒక్క చూపులో తెలుస్తుంది. సాల్‌గిరా బొకే వెనక అది కనిపిస్తే ఇంకేం చూస్తారు? తీయించి లోపల నీడలో వేయించాం. అలాగే నంబర్, టైములు తెర అడుగున పెట్టలేదు. రీల్స్‌లో కింది భాగం, కుడి అంచు యాప్ బటన్లే తినేస్తాయి. మధ్యలో, కొంచెం పైకి పెట్టాం. సౌండ్ మూసేసి ఒకసారి చూడమని ఆపాకి ఫోన్ ఇచ్చాను. బస్సులో, ఆఫీసులో చాలామంది అలాగే చూస్తారు. గొంతు లేకుండానే 'మూడు లోపు, ఎనిమిదికి ఇంట్లో' అని చెప్పగలిగింది. అప్పుడు నాకు నిద్ర పట్టింది.

పాట విషయంలో మాత్రం కొడుకు మొహం ముడుచుకున్నాడు. అతనికి పాత సినిమా పాటొకటి కావాలి. వ్యాపారం అకౌంట్ మీద సినిమా పాటలు ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి లేదు, హక్కులవాళ్లు అడిగితే వీడియో సౌండే పోతుంది, సరిగ్గా చాంద్ రాత్ నాడు పోవచ్చు. కత్తెర చప్పుడు, కాగితం చరచర, బైకు స్టార్టు, తలుపు గొళ్లెం. అవే ఉంచాం.

ఏ బొకే చూపించాలి అన్నది పెద్ద బహస్. కొడుకు కొరియర్‌లో తెప్పించిన ఓరియంటల్ లిల్లీలతో ఒకటి కట్టి పెట్టాడు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. దాని ధరకి రోజూ దొరకదు. వీడియోలో లిల్లీలు చూపించి ఇంటికి గులాబీలు, జర్బెరాలు పంపితే అది ధోకానే. పొద్దున గుడిమల్కాపూర్ మండీలో ఏడాది పొడుగునా దొరికే వాటితో, అమ్మే ధరకే కట్టిన బొకేనే తీశాం. పన్నెండు ఎర్ర గులాబీలు, చుట్టూ తెల్ల చామంతి, కొంచెం పచ్చాకు. దుకాణం లెక్కలో అది మధ్య రకం. తీసిన వీడియోలో ఉన్న బొకేని ఆ మధ్యాహ్నమే ఒక ఆర్డర్ మీద పంపేశారు కూడా.

ఈద్ వీడియోలో పూలు వేరుగా ఎంచుకోవాల్సి వచ్చింది, కారణం చాంద్. ఇరవై తొమ్మిదో రోజా మగ్రిబ్ దాకా రేపు ఈదో, ఇంకో రోజానో ఎవరికీ తెలియదు. రూయత్-ఎ-హిలాల్ కమిటీ ఎలాన్ వచ్చేసరికి మండీ ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉంటుంది. ఈద్ తెల్లవారుజామున మండీకి వెళ్దామంటే ఆ రోజు పనివాళ్లు దొరకరు. కాబట్టి ఆపా ఇరవై తొమ్మిది పొద్దున్నే పూలు తెస్తుంది. చాంద్ కనిపిస్తే సరే. కనిపించకపోతే ఆ పూలు ఇంకో రోజు బకెట్లో నిలబడాలి, అదీ ఎండలు ముదిరే వేళ. కార్నేషన్ నిలబడుతుంది, చామంతి నిలబడుతుంది, మొగ్గగా ఉన్న గులాబీ నీళ్లు మార్చి నీడలో ఉంచితే నిలబడుతుంది. మొగ్రా నిలబడదు. ఈద్ అంటే మొగ్రా వాసన గుర్తొచ్చేవాళ్లం మనమంతా, అయినా ఈద్ వీడియోలో మొగ్రా లేదు. చూపిస్తే అడుగుతారు.

ఇక గల్ఫ్‌వాళ్ల ఈద్ ఇంకో కథ. 2024లో సౌదీలో ఈద్ ఏప్రిల్ 10, హైదరాబాద్‌లో 11. 2025లో అక్కడ మార్చి 30, ఇక్కడ 31. అక్కడ కొడుకు ఈద్ నమాజ్ చదివి, కొత్త బట్టల్లో ఫోన్ తీసి, 'అమ్మీకి ఈద్ బొకే ఆజ్ పంపండి' అని మెసేజ్ పెడతాడు. ఇక్కడ అమ్మీ ఇంకా రోజాతో ఉంది, వంటింట్లో ఇఫ్తార్‌కి శనగలు నానబెడుతోంది. ఆ పొద్దున బొకే పంపితే ఒక రోజు ముందు చేరుతుంది. పంపకపోతే 'ఈద్ అయిపోయింది, బొకే రాలేదు' అని అతను కోపం చేస్తాడు. పోయిన ఈద్‌లో ఆపా ఫోన్ మోగిన గొడవల్లో ఇదీ ఒకటి. అందుకే ఈద్ వీడియోలో తారీఖు లేదు, 'రేపు' లేదు, 'ఆజిచ్' కూడా లేదు. మధ్యలో ఒక్క వాక్యం: "మీకు అక్కడ ఈద్ ఎప్పుడైనా, అమ్మీ చేతికి హైదరాబాద్ ఈద్ రోజే." తెర మీద 'ఇండియా ఈద్' అని. ఆ వాక్యం విని ఆపా కళ్లు తుడుచుకుంది, ఎందుకో నేను అడగలేదు. ఆమె పెద్దకొడుకు దమ్మామ్‌లో ఉంటాడు.

చివరి ఐదు సెకన్లు రెండు రకాలుగా రికార్డ్ చేసి పెట్టాం. ఒకటి చాంద్ రాత్ దాకా తిప్పేది, "ఆర్డర్లు తీసుకుంటున్నాం" అని. రెండోది బొమ్మ ఒక్కటే, స్టేటస్‌లో పెట్టి మొదటి వీడియో తీసేయడానికి. ఎన్ని దగ్గర మార్చాలి అన్నప్పుడు కొడుకు ముప్ఫై ఆరు అన్నాడు. ఆపా ముప్ఫై అంది. మిగతా ఆరు ఎందుకు వదలడం అంటే, "తలుపు తియ్యనివాళ్లకి ఒకటి, పంక్చర్‌కి ఒకటి, మిగతావి నా గుండెకి," అంది. ఆ బొమ్మ మీద రాయాల్సింది మాత్రం నన్ను రాయనివ్వలేదు. తానే చెప్పింది, నేను తెలుగులో దించాను: 'ఈద్ ముబారక్. ఈ రోజుకి మా చేతులు నిండాయి. బాసీ ఈద్‌కి కావాలంటే చెప్పండి, పొద్దున్నే పంపుతాం. ఇన్షా అల్లాహ్.'